ఆఖరి యూనిట్ ధర చెప్పని ఖర్చు

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటుకు 2022లో ఖరారు చేసిన శ్లాబులను ఒకసారి చూద్దాం. మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90. ఆపైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు. నెలలో 200 యూనిట్లు కాల్చిన ఇంటికి మొదటి శ్లాబులో 57, రెండో దాంట్లో 135, మూడో దాంట్లో 225, మిగిలిన 75 యూనిట్లకు 450 పడతాయి. అన్నీ కలిపితే రూ.867.

ఆ ఇంట్లో మరొక్క యూనిట్ కాలిస్తే అదనంగా పడేది 6 రూపాయలు. అప్పటిదాకా కాల్చినవాటి సగటు మాత్రం రూ.4.33. ఇలా మరొక్క యూనిట్‌కు అదనంగా అయ్యే ఖర్చును అర్థశాస్త్రంలో ఉపాంత వ్యయం అంటారు. శ్లాబుల పట్టిక అంటే ఆ ఉపాంత ధరల పట్టికే. ఒక్కో మెట్టు కింద వచ్చిన మొత్తాలను కూడుకుంటూ పోతే 867 తేలింది. ఇంటర్ లెక్కల పుస్తకంలో సమాకలనం అని పేరు పెట్టి నేర్పేది ఈ కూడికనే. మెట్లు మెట్లుగా కాక, యూనిట్ యూనిట్‌కూ ధర కొద్దికొద్దిగా మారుతూ నునుపైన గీతలా సాగినప్పుడు ఇలా కూడడానికి సూత్రం కావాలి, అంతే తేడా.

అయితే బిల్లు కింద రాసి ఉండే మొత్తం 867 కాదు. మంజూరైన లోడ్‌ను బట్టి వేసే ఫిక్స్‌డ్ ఛార్జీ, ఇంకొన్ని చిల్లర పద్దులు అందులో ఉంటాయి. నెలంతా ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా ఆ ఛార్జీ తప్పదు. శ్లాబుల పట్టికను ఎంత తరచి చూసినా ఈ అంకె కనిపించదు, ఎందుకంటే అది ఏ యూనిట్‌తోనూ ముడిపడినది కాదు. సమాకలనం చేసినప్పుడు చివర తప్పకుండా రాయమని లెక్కల మాస్టార్లు పట్టుబట్టే ‘ప్లస్ సి’ ఇదే. పరీక్షలో అది వదిలేస్తే అర మార్కు పోతుంది. కరెంటు కంపెనీ వదిలేస్తే వందల కోట్లు పోతాయి. ఆ కోట్లు ఎక్కడ ఎలా పోతాయో తెలియాలంటే బిల్లు పంపినవాళ్ల వైపు నుంచి, అంటే కరెంటు తయారయ్యే చోటు నుంచి చూడాలి.

ఐదు వందల మెగావాట్ల బొగ్గు యూనిట్ ఒకటి తీసుకుందాం. విశాఖ దగ్గరి సింహాద్రిలో ఈ పరిమాణం యూనిట్లు నాలుగున్నాయి. పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు ఐదు లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అందుకు గంటకు సుమారు మూడు వందల టన్నులకు పైగా బొగ్గు మండాలి. ఇక్కడ వాడబోయే రూపాయల అంకెలు లెక్క తేలిగ్గా సాగడానికి సరిచేసుకున్నవి. ఏ ఒక్క కేంద్రానివీ కావు. కానీ వాటి తీరు, వాటి మధ్య నిష్పత్తి నిజమైన ప్లాంట్లకు దగ్గరగానే ఉంటాయి.

ఈ యూనిట్‌లో ఒక మెగావాట్ పెంచి గంటసేపు నడపడానికి అదనంగా ఎంత బొగ్గు ఖర్చవుతుందో ఇంజనీర్లు కొలుస్తారు. ఆ ఖర్చు అన్ని లోడ్‌ల దగ్గరా ఒకేలా ఉండదు. లోడ్ పెరిగేకొద్దీ గాలి ఊదే ఫ్యాన్లు, బాయిలర్‌కు నీరు పంపే పంపులు ఎక్కువ శ్రమపడతాయి. టర్బైన్‌లోకి ఆవిరిని వదిలే చివరి వాల్వులు తెరుచుకునేటప్పుడు నష్టాలు కూడా పెరుగుతాయి. అందువల్ల ఉపాంత వ్యయం మెల్లగా పైకి వాలుతుంది. మన యూనిట్‌లో అది మెగావాట్-గంటకు 2000 రూపాయలు, దానికి తోడు నడుస్తున్న లోడ్‌కు రెండింతలు అనుకుందాం. లోడ్‌ను P అంటే,

ఉపాంత వ్యయం = 2000 + 2P

275 మెగావాట్ల దగ్గర ఇది 2550. అంటే యూనిట్‌కు రూ.2.55. పూర్తి 500 దగ్గర యూనిట్‌కు 3 రూపాయలు. ఈ గీత కింది వైశాల్యాన్ని సున్నా నుంచి P దాకా కూడితే గంటకయ్యే ఇంధన వ్యయం వస్తుంది.

ఇంధన వ్యయం = 2000P + P² + C

ఆ C ఎంత? ఎడమవైపు గీతను ఎన్నిసార్లు కొలిచినా జవాబు రాదు. C లక్ష అయినా, పది లక్షలు అయినా ఉపాంత వ్యయపు గీత ఒకటే. వాలు మాత్రమే తెలిసినవాడికి ఎత్తు తెలియదు. దాని కోసం బయటి నుంచి ఒక కొలత తెచ్చుకోవాలి. ఏదో ఒక లోడ్ దగ్గర మొత్తం ఖర్చు ఎంతో విడిగా తూచి తెలుసుకోవాలి.

ప్లాంట్లలో చేసేదీ అదే. లోడ్‌ను 400 మెగావాట్ల దగ్గర కదలకుండా నిలిపి, గంటలో ఎంత బొగ్గు మండిందో ఫీడర్ల దగ్గర తూచి, దాని వేడిని ల్యాబ్‌లో పరీక్షించి లెక్క కడతారు. మన యూనిట్‌లో ఆ గంటకు 12 లక్షల 10 వేల రూపాయల బొగ్గు మండిందని తేలిందనుకోండి. గీత కింద 400 దాకా కూడితే వచ్చేది 9 లక్షల 60 వేలు. తేడా రెండున్నర లక్షలు. అదే C.

ఈ రెండున్నర లక్షలు దేనికి ఖర్చవుతున్నట్టు? బాయిలర్ గోడల నుంచీ చిమ్నీ నుంచీ పోయే వేడికి, నిమిషానికి 3000 చుట్లు తిరిగే టర్బైన్‌ను ఆ వేగంలో నిలపడానికి, ఫ్యాన్లూ పంపులూ కనీస స్థాయిలో తిరగడానికి. ఒక్క యూనిట్ కూడా బయటికి పంపకపోయినా, యంత్రం వేడిగా సిద్ధంగా ఉండాలంటే ఇది తప్పదు. దీన్ని ఇంజనీర్లు నో-లోడ్ ఖర్చు అంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బొగ్గు యూనిట్ సాధారణంగా సగానికి కాస్త పైనుంచి పూర్తి లోడ్ దాకానే నడుస్తుంది. 55 శాతం కంటే తగ్గితే మంట నిలకడగా ఉండటం కష్టమై, నూనె తోడు కావాల్సి వస్తుంది. కాబట్టి మనం కొలిచిన గీత 275 నుంచి 500 మధ్యదే. దాన్ని సున్నా దాకా వెనక్కి పొడిగించి C కట్టాం. యంత్రం నిజంగా 50 మెగావాట్ల దగ్గర ఎలా ప్రవర్తిస్తుందో ఆ అంకెకు తెలియదు. 275 పైన జరిగే నిర్ణయాలకు ఇది చక్కగా పనికొస్తుంది. దాని కింది ప్రశ్నలకు దీన్నే వాడితే జవాబు తప్పుతుంది. వ్యాపారంలో ఎవరైనా మా స్థిర వ్యయం ఇంత అని గ్రాఫ్ చూపించినప్పుడు, ఆ గీత ఎక్కడి నుంచి ఎక్కడి దాకా నిజంగా కొలిచిందో అడగడం మంచిది.

ఇప్పటిదాకా లెక్కలో బొగ్గు మాత్రమే ఉంది. ప్లాంట్ కట్టడానికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ, యజమాని పెట్టుబడిపై రాబడి, తరుగుదల, సిబ్బంది జీతాలు, మరమ్మతులు ఇంకా రాలేదు. మన యూనిట్‌కు ఇవన్నీ కలిపి ఏడాదికి 700 కోట్లు అనుకుంటే, సంవత్సరంలోని 8760 గంటలకు పంచితే గంటకు దాదాపు 8 లక్షలు. ఇది కూడా స్థిరాంకమే. కానీ రెండున్నర లక్షల నో-లోడ్ ఖర్చుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. యూనిట్‌ను పూర్తిగా ఆపేస్తే మొదటిది ఆగిపోతుంది. రెండోది ఆగదు. పుస్తకంలో C ఒక్క అక్షరమే అయినా వ్యాపారంలో అది పొరలు పొరలుగా ఉంటుంది.

అన్నీ కలిపితే పూర్తి లోడ్ దగ్గర గంటకు 23 లక్షలు, అంటే యూనిట్‌కు రూ.4.60. లోడ్ 275కు తగ్గితే గంట ఖర్చు 16 లక్షల 75 వేలకు దిగుతుంది, కానీ యూనిట్ ధర రూ.6.09కి ఎగబాకుతుంది. తయారయ్యే సరుకు తగ్గినా 8 లక్షలూ రెండున్నర లక్షలూ తగ్గలేదు, ఉన్న కొద్ది యూనిట్లే ఆ బరువు మోస్తున్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు. రాత్రి రెండు గంటలకు మన యూనిట్ 275 దగ్గర నడుస్తోంది. రాష్ట్రానికి మరో 50 మెగావాట్లు కావాల్సి వచ్చాయి. బజారులో యూనిట్ 4 రూపాయలకు దొరుకుతోంది. లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో కూర్చున్న అధికారి సొంత యూనిట్ ధర 6.09 అని చూసి, 4 రూపాయలది కొంటే మేలనుకుంటే? ఆ గంటకు రాష్ట్రం చెల్లించేది 2 లక్షలు. అదే మన యూనిట్‌ను 275 నుంచి 325కు పెంచి ఉంటే, గీత కింద ఆ రెండు అంకెల మధ్య వైశాల్యం 1 లక్షా 30 వేలు. యూనిట్‌కు రూ.2.60. చౌకగా కొన్నామనుకుని ఒక్క గంటలో 70 వేలు పోగొట్టుకున్నట్టు.

ఈ లెక్కలో C ఎక్కడా రాలేదని గమనించండి. 325 దగ్గరి మొత్తంలోనూ అది ఉంది, 275 దగ్గరి మొత్తంలోనూ ఉంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే కొట్టివేత అయిపోతుంది. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అనే ప్రశ్నలకు స్థిర వ్యయంతో పని లేదు. అందుకే మన దేశంలో ప్లాంట్లను వరుసలో పెట్టేటప్పుడు చర ఛార్జీని, అంటే యూనిట్‌కయ్యే ఇంధన ఖర్చును మాత్రమే చూస్తారు. తక్కువ ఉన్నది ముందు, ఎక్కువ ఉన్నది వెనక. దానికే మెరిట్ ఆర్డర్ అని పేరు.

అయితే ఉపాంత వ్యయమే అన్నిటికీ జవాబు అనుకోవడం కూడా పొరపాటే. అదే రాత్రి బజారు ధర 3 రూపాయలు ఉందనుకోండి. మన యూనిట్ ఉపాంత వ్యయం 2.55 కాబట్టి నడిపించడమే లాభమని తోస్తుంది. కానీ ప్రశ్న ఇప్పుడు పెంచడమా తగ్గించడమా కాక, అసలు నడపాలా ఆపాలా అన్నదైతే లెక్క మారుతుంది. 275 దగ్గర నో-లోడ్‌తో కలిపి ఇంధనానికి 8 లక్షల 75 వేలు అవుతోంది. అన్ని యూనిట్లూ బజారులో కొంటే 8 లక్షల 25 వేలే. ఆపేస్తే గంటకు 50 వేలు మిగులుతాయి. కాకపోతే చల్లారిన యూనిట్‌ను మళ్లీ వెలిగించాలంటే నూనె కావాలి, గంటల సమయం కావాలి, పొద్దున్నే డిమాండ్ లేచేసరికి అది సిద్ధంగా ఉండకపోవచ్చు. ఆ ఖర్చునూ ఈ 50 వేలనూ తూచుకుని నిర్ణయించాలి. ఆపే ప్రశ్నలో రెండున్నర లక్షల పొర లెక్కలోకి వస్తుంది, 8 లక్షల పొర రాదు. ఏ ప్రశ్నకు ఏ పొర లెక్కలోకి వస్తుందో పోల్చుకోవడమే వ్యయాల లెక్కలో అసలైన నేర్పు.

ఈ విడదీత మన గ్రిడ్‌లో మొదటి నుంచీ ఉన్నది కాదు. కె.పి.రావు కమిటీ సిఫారసులతో 1990ల ఆరంభంలో కేంద్ర ప్లాంట్ల ధరను రెండు భాగాలు చేశారు గానీ, స్థిర ఛార్జీ వసూలు మాత్రం ప్లాంట్ ఎంత తయారుచేసిందన్న దానితోనే ముడిపడి ఉండేది. ఎక్కువ తయారుచేస్తే ఎక్కువ డబ్బు. దాంతో అర్ధరాత్రి అవసరం లేనప్పుడు కూడా ఉత్పత్తి తగ్గించాలన్న ఆసక్తి ప్లాంట్‌కు ఉండేది కాదు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ రాత్రిళ్లు 50 హెర్ట్జ్‌ను దాటి పైకి పోయేది, సాయంత్రాలు బాగా కిందికి పడిపోయేది. అందుబాటును బట్టి టారిఫ్ అనే పద్ధతి వచ్చాక ఇది మారింది. దక్షిణ గ్రిడ్‌లో అది 2003 జనవరి నుంచి అమలైంది. ప్లాంట్ సిద్ధంగా ఉంటే చాలు, స్థిర ఛార్జీ వస్తుంది. తీసుకున్న యూనిట్లకు చర ఛార్జీ వేరే. ఇప్పుడు కేంద్ర నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం బొగ్గు ప్లాంట్ సాధారణంగా 85 శాతం అందుబాటులో ఉంటే పూర్తి స్థిర ఛార్జీకి అర్హత వస్తుంది. తగ్గితే ఆ మేరకు కోత పడుతుంది. గణితంలో చెప్పాలంటే, C ని P నుంచి విడదీసి కాగితం మీద రాశారు.

కొనని కరెంటుకు కోట్లు చెల్లిస్తున్నారని పత్రికల్లో తరచుగా చదివేది ఈ C గురించే. ఆ శీర్షిక అబద్ధం కాదు. కానీ ఆ చెల్లింపును ఇవాళ్టి అధికారి చేసిన దుబారాగా చూస్తే సగమే చూసినట్టు. ఆ రోజు ఆ ప్లాంట్‌ను పక్కన పెట్టడం సరైన నిర్ణయమే కావచ్చు. C ఎంతన్నది ఖరారైంది ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజున. అది సాధారణంగా 25 ఏళ్ల ఒప్పందం. అక్కడ మాత్రం C నే అసలు విషయం. రోజువారీ నిర్ణయంలో కొట్టివేత అయిపోయిన అంకె ఇక్కడ పూర్తి బరువుతో కూర్చుంటుంది.

సంతకం పెట్టే బల్ల మీద రెండు ప్లాంట్లు ఉన్నాయనుకుందాం. రెండూ 500 మెగావాట్లవే. మన బొగ్గు యూనిట్‌కు గంటకు 8 లక్షల స్థిర ఛార్జీ, పూర్తి లోడ్‌లో యూనిట్‌కు 3 రూపాయల ఇంధనం. రెండోదానికి స్థిర ఛార్జీ సగం, గంటకు 4 లక్షలే, కానీ ఇంధనం 5 రూపాయలు. ఏడాది పొడవునా పూర్తిగా నడిస్తే మొదటిది రూ.4.60కి పడుతుంది, రెండోది రూ.5.80కి. బొగ్గు యూనిట్‌దే గెలుపు. కానీ ఏడాదిలో నాలుగో వంతు గంటలే అవసరం పడితే? ఒక్కో యూనిట్ నాలుగింతల స్థిర భారం మోయాలి. బొగ్గుది రూ.9.40 అవుతుంది, రెండోది రూ.8.20. ఈ అంకెలతో సరిహద్దు 40 శాతం దగ్గర ఉంది. అంతకంటే ఎక్కువ గంటలు నడిచేదానికి స్థిర వ్యయం ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ గంటలు నడిచేదానికి అది గుదిబండ.

పగటిపూట సోలార్ కరెంటు పెరిగేకొద్దీ బొగ్గు యూనిట్లు నడిచే తీరు మారుతోంది. మధ్యాహ్నం కనిష్ఠ స్థాయికి దిగాలి, సాయంత్రం మళ్లీ పైకి లేవాలి. సోలార్‌కు ఇంధనం లేదు కాబట్టి దాని ఉపాంత వ్యయం దాదాపు సున్నా. ఖర్చంతా C లోనే ఉంది. కాబట్టి మెరిట్ ఆర్డర్‌లో ముందు నిలవడం సహజం. వెనక్కి జరిగిన బొగ్గు యూనిట్‌కు యూనిట్లు తగ్గుతాయి, స్థిర ఛార్జీ తగ్గదు. ఒప్పందం రోజున ఏడాదికి ఇన్ని యూనిట్లు కొంటామని వేసుకున్న అంచనా తప్పితే, తప్పిన ప్రతి యూనిట్ బరువూ మిగిలినవాటి మీద పడుతుంది.

దీని తీవ్ర రూపాన్ని గోదావరి తీరం చూసింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి6 బ్లాకు నుంచి 2009లో గ్యాస్ రావడం మొదలైంది. ఆ గ్యాస్ మీద ఆశతో ఆంధ్రప్రదేశ్‌లో గ్యాస్ ఆధారిత విద్యుత్ కేంద్రాలు సిద్ధమయ్యాయి. కొన్నేళ్లలోనే ఉత్పత్తి అంచనాలకు చాలా కిందికి పడిపోయింది. 2013 నాటికి ఆ క్షేత్రం నుంచి విద్యుత్ కేంద్రాలకు సరఫరా ఆగిపోయింది. వేల మెగావాట్ల సామర్థ్యం ఖాళీగా నిలబడింది. అక్కడ P సున్నా. గీత కింద వైశాల్యం సున్నా. ఖర్చుగా మిగిలింది C ఒక్కటే. బ్యాంకుల అప్పు, దాని వడ్డీ. ఇంధనం లేని ప్లాంట్‌కు ఉపాంత వ్యయం ఎంత తక్కువని లెక్క వేసుకున్నా ప్రయోజనం లేకపోయింది.

స్థిర వ్యయం అనగానే ఎప్పటికీ మారదని అర్థం చేసుకోకూడదు. అది ఉత్పత్తి మారినా మారదు, అంతవరకే. కాలంతో మారుతుంది. కేంద్ర నిబంధనల్లో తరుగుదలను మొదటి పన్నెండేళ్లలో ఎక్కువగా వసూలు చేసుకోనిస్తారు. అప్పు తీరాక స్థిర ఛార్జీ గణనీయంగా దిగుతుంది. ఒప్పందం మొదటి సగంలో భారమైన ప్లాంట్ రెండో సగంలో చౌకైన ఆస్తి కావచ్చు. మధ్యలోనే ఒప్పందం వదిలించుకోవాలని చూసేవారు ఈ సంగతి లెక్కలో వేసుకోవాలి. అలాగే 500 మెగావాట్లు దాటి కావాలంటే రెండో యూనిట్ కట్టాలి. అప్పుడు C ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. పాత C తో కొత్త పరిధిని లెక్కిస్తే మొత్తం తప్పిపోతుంది.

డిస్కంలు ఏటా తమ ఖర్చుల అంచనాను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతాయి. ఏ ప్లాంట్‌కు ఎంత స్థిర ఛార్జీ, యూనిట్‌కు ఎంత చర ఛార్జీ, ఎన్ని యూనిట్లు కొంటారు అన్న పట్టిక అందులో ఉంటుంది. మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. యూనిట్ రెండున్నర రూపాయలకే అన్న కొత్త ఒప్పందం వార్తల్లోకి వచ్చినప్పుడు పాఠకులు ఆ పట్టిక తెరిచి మూడు అంకెలూ కలిపి చూడాలి. స్థిర ఛార్జీ ఎంత, ఎన్నేళ్లకు, ఏడాదికి ఎన్ని యూనిట్లు తీసుకుంటామన్న అంచనా మీద? ఈ మూడూ చెప్పకుండా ఇచ్చిన యూనిట్ ధరను మొత్తం ఖర్చుగా నమ్మకండి. సంతకం కాకముందే అడగండి. ఆ తర్వాత C ని మార్చడం ఏ అధికారి చేతుల్లోనూ ఉండదు.